హ్యాండోవర్ నోట్‌లో గ్రీన్ లైన్ల గురించి రాయండి

ప్రాజెక్ట్ మధ్యలో వేరేవాళ్ళకి అప్పగించి వెళ్తున్నారా, అయితే స్టేటస్ డెక్‌లో ఉన్నదే నోట్‌లో మళ్ళీ దించకండి, డెక్ వాళ్ళూ చదువుకుంటారు కదా. చివరి నాలుగు వారాల డెక్‌లు పక్కపక్కన తెరిచి, శాతం కదలకుండా గ్రీన్‌లోనే ఉన్న లైన్ ఏదో చూడండి, నోట్ అవసరం దానికే.

ఉదాహరణకి గాజువాకలో ఒక గోడౌన్‌కి స్టాక్ సాఫ్ట్‌వేర్ పెడుతున్నారనుకోండి. స్లైడ్‌లో "డేటా మైగ్రేషన్ 90%, గ్రీన్" అని ఉంటుంది. ఆ 90 అనేది ఎక్కించిన రికార్డుల లెక్క, మిగిలిన 10లో బ్యాచ్ నంబర్ లేని పాత సరుకంతా ఉంది, అది స్టోర్ వాళ్ళు ర్యాక్ దగ్గరికెళ్ళి చూసి చేత్తో ఎక్కించాల్సిందే, అది అవ్వకుండా యూజర్ టెస్టింగ్ మొదలవ్వదు. నోట్‌లో ఇలా రాయండి: "స్టోర్ ఇన్‌ఛార్జ్ గారు ఇద్దరు మనుషుల్ని ఇస్తానన్నారు, ఫోన్‌లోనే, మెయిల్ లేదు. 15వ తారీఖుకి రాకపోతే దీన్ని ఆంబర్ చెయ్యండి, టెస్టింగ్ డేట్ వెనక్కి జరుగుతుందని క్లయింట్‌కి ఆ రోజే చెప్పండి."

నోటిమాట ఒప్పందాలు ఏ డెక్‌లోనూ ఉండవు, మీరు సీటు ఖాళీ చేశాక "అలా ఎవరన్నారండీ" అంటారు. అందుకే వెళ్ళేలోపు కొత్త మేనేజర్‌ని కాపీలో పెట్టి ఆ ఇన్‌ఛార్జ్‌కి ఓ మెయిల్ కొట్టేయండి. రెడ్‌లో ఉన్నవాటికి ఒక్కో లైన్ చాలు, వాటి గురించి ఎలాగూ అందరూ అడుగుతూనే ఉంటారు.