కొబ్బరిచిప్ప చెవి హ్యాంగింగ్స్ అమ్మకానికి పెడుతుంటే

"అద్భుతమైన, అపురూపమైన కోనసీమ కళ" అని రాస్తే కొనేవాళ్లకి తెలిసేదేమీ లేదు. బదులుగా ఇలా రాయండి:

"అంబాజీపేట ముదురు కొబ్బరికాయ చిప్ప. సన్నపళ్ల రంపంతో గుండ్రంగా కోసి, 80, 220, 400 నంబర్ల ఉప్పుకాగితంతో వరసగా రుద్ది, కొబ్బరినూనె పట్టించాం. వార్నిష్ లేదు. వెడల్పు 3 సెంటీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు, జత బరువు 5 గ్రాములు. కొక్కెం స్టెయిన్‌లెస్ స్టీలు."

బరువు కాటా మీద చూసే రాయండి, చిప్పచిప్పకీ మందం మారుతుంది. కొక్కేల విషయంలోనే ఎక్కువ పేచీ. బంగారు రంగు పూత ఉన్నదాన్ని "గోల్డ్" అని వదిలేయకండి. పూత అరిగి లోపలి లోహంలో నికెల్ ఉంటే కొందరికి చెవి దురదపెట్టి ఎర్రబడుతుంది. లోపలి లోహమేదో తెలియకపోతే అమ్మినవాణ్ణి అడిగాకే రాయండి.

లోపాలూ అందులోనే చెప్పాలి: చిప్ప సహజంగా వంపు తిరిగి ఉంటుంది, రెండింటి రంగూ అచ్చంగా ఒకటి కాదు. నీళ్లలో నానితే నూనె మెరుపు పోతుంది; ఆరాక రెండు చుక్కల నూనె గుడ్డతో రుద్దితే సరి. వంపు తెలిసేలా పక్కనుంచి తీసిన ఫోటో ఒకటి పెడితే, "ఫోటోలో బల్లపరుపుగా ఉందండీ" అంటూ తిప్పి పంపేవాళ్లు తగ్గుతారు.