చిగుళ్ల నుంచి రక్తం, మానని గాయం: స్కర్వీలో లోపం ఎక్కడుంది?

సమస్య ఎలా కనిపిస్తుంది

విటమిన్ సి అందక వచ్చే జబ్బు స్కర్వీ. అందులో చిగుళ్లు ఉబ్బి, ఊదా రంగుకు తిరిగి, వేలు తగిలినా రక్తం కారుతాయి. పళ్లు కదులుతాయి. చర్మం మీద కోసిన చోట పైన మూసుకున్నట్టే ఉంటుంది, లోపల మాత్రం అతుకు పడదు. వీటికి ముందు కొన్ని వారాలుగా నీరసం, కాళ్ల నొప్పులు ఉంటాయి.

చిగుళ్ల నుంచి రక్తం కారగానే స్కర్వీ అనుకుని టెన్షన్ పడక్కర్లేదు. చాలామందిలో దానికి కారణం పళ్ల మీద పేరుకున్న పాచి. రక్తం పలచబడే మందులు, ప్లేట్‌లెట్లు తగ్గడం, అరుదుగా రక్త క్యాన్సర్ కూడా కారణాలే. స్కర్వీని పట్టించే గుర్తు నోట్లో కంటే కాళ్ల మీద బాగా దొరుకుతుంది. పిక్కల మీద ఒక్కో వెంట్రుక మొదలు చుట్టూ చిన్న ఎర్రని రక్తపు చుక్క, వెంట్రుక తిన్నగా పెరగకుండా స్ప్రింగులా మెలికలు తిరిగి ఉండటం. ఇవి కనిపిస్తూ, ప్లేట్‌లెట్లూ రక్తం గడ్డకట్టే పరీక్షలూ మామూలుగా ఉన్నాయంటే లోపం రక్తంలో లేదు, రక్తనాళాల గోడల్లో ఉంది. ఇక గత రెండు మూడు నెలలుగా ఏం తిన్నారో అడగాలి.

కారణం: పేట పడుతుంది, తాడు నిలవదు

చర్మం, చిగురు, రక్తనాళపు గోడ, పన్నును ఎముకకు కట్టి ఉంచే పీచు, వీటన్నింటికీ బలం కొల్లాజెన్ నుంచే వస్తుంది. అది మూడు పేటల తాడు. ఒక్కో పేటలో ప్రతి మూడో అమైనో ఆమ్లం గ్లైసిన్, మిగతా చోట్లలో ప్రోలీన్ ఎక్కువ. కణం పేటను అల్లుతుండగానే ప్రోలిల్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము వచ్చి, గ్లైసిన్‌కు సరిగ్గా ముందున్న ప్రోలీన్ల మీద ఒక OH గుంపును తగిలిస్తుంది. దాంతో ప్రోలీన్ హైడ్రాక్సీప్రోలీన్ అవుతుంది.

అంత చిన్న గుంపుతో అంత తేడా ఏమిటంటే, వేడిని తట్టుకోవడం. ఆ గుంపు ఉంటే మూడు పేటల మెలిక దాదాపు 40 డిగ్రీల సెల్సియస్ దాకా నిలుస్తుంది. లేకపోతే 24 డిగ్రీల దగ్గరే విడిపోతుంది. మన ఒంటి వేడి 37. అంటే OH పడని కొల్లాజెన్‌కు ఒంట్లో తాడుగా ఉండే అవకాశమే లేదు. కణం అలాంటి సరుకును చాలావరకు బయటికి పంపకుండా ఆపేసి, లోపలే విరగ్గొడుతుంది.

మరి ఇందులో విటమిన్ సి చేసేదేమిటి? ప్రోలీన్‌కు ఆక్సిజన్ ఇచ్చేది అది కాదు. ఆ ఆక్సిజన్ మనం పీల్చే గాలి నుంచే వస్తుంది. ఎంజైము నడిమధ్యన ఒక ఇనుము పరమాణువు ఉంటుంది. అది Fe²⁺ రూపంలో ఉన్నంతసేపే పని జరుగుతుంది. అప్పుడప్పుడు ప్రోలీన్‌ను అందుకోకుండానే ఎంజైము ఒక చుట్టు తిరిగేస్తుంది. ఆ చుట్టులో ఇనుము Fe³⁺గా మారి అక్కడే ఇరుక్కుంటుంది. దాన్ని మళ్లీ Fe²⁺గా చేసి ఎంజైమును పనిలో పెట్టేది విటమిన్ సి. ప్రతి ప్రోలీన్‌కూ ఒక విటమిన్ సి అణువు ఖర్చు కాదు కాబట్టే, రోజుకు 10 మిల్లీగ్రాములు అందినా స్కర్వీ లక్షణాలు రావు. అసలే అందకపోతే మాత్రం ఎంజైములు ఒకదాని తర్వాత ఒకటి మొరాయిస్తాయి. లైసీన్ అనే మరో అమైనో ఆమ్లం మీద ఇదే పని చేసే ఇంకో ఎంజైముకూ అదే గతి. దాంతో తాళ్ల మధ్య పడాల్సిన ముడులు కూడా వదులవుతాయి.

కొల్లాజెన్ పౌడర్ తాగితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. తిన్న హైడ్రాక్సీప్రోలీన్‌ను కణం నేరుగా పేటలో పెట్టుకోలేదు. ప్రోలీన్‌ను పేటలో పెట్టాకే దానికి OH తగిలించాలి.

ఒక మనిషి మీద చూసిన లెక్క

1939లో జాన్ క్రాండన్ అనే అమెరికా సర్జన్ తన మీదే ఈ ప్రయోగం చేసుకున్నాడు. పళ్లు, కూరగాయలు, పాలు పూర్తిగా మానేశాడు, మిగతా విటమిన్లు విడిగా తీసుకున్నాడు. ఆరు వారాలకల్లా ప్లాస్మాలో విటమిన్ సి సున్నాకు చేరింది. అయినా మూడు నెలలప్పుడు వీపు మీద చేయించుకున్న కోత మామూలుగానే మానింది. ప్లాస్మా పరీక్ష ఇటీవలి తిండి గురించే చెబుతుంది, కణాల్లో మిగిలిన నిల్వ గురించి కాదు. ఐదు నెలలు దాటాక వెంట్రుకల చుట్టూ రక్తపు చుక్కలు వచ్చాయి. ఆరు నెలలప్పుడు మళ్లీ కోత పెట్టించుకుంటే, పది రోజులైనా చర్మం కింద అతుకు లేదు. అక్కడ గడ్డకట్టిన రక్తం తప్ప ఏమీ కనబడలేదు. అప్పుడు రోజుకు 1 గ్రాము విటమిన్ సి రక్తనాళంలోకి ఎక్కించారు. మరో పది రోజులకు తీసిన బయాప్సీలో గాయం చక్కగా మానుతూ కనిపించింది.

ఇంత లోపంలోనూ క్రాండన్ చిగుళ్లు పెద్దగా పాడవలేదన్నది నాకు ఆసక్తిగా అనిపించే సంగతి. చిగుళ్లలో, పన్నును పట్టి ఉంచే పీచులో కొల్లాజెన్ చాలా వేగంగా పాతది పోయి కొత్తది వస్తుంటుంది. అందుకే లోపం అక్కడ త్వరగా బయటపడే వీలుంది. కానీ దానికి పాచి, వాపు కూడా తోడవ్వాలి. పళ్లు అసలే లేని వాళ్లకు స్కర్వీలో చిగుళ్ల జబ్బు కనిపించకపోవడానికీ ఇదే కారణం.

పాత మచ్చ కూడా స్థిరమైన సరుకు కాదు, అందులోనూ కూల్చడం, కట్టడం సాగుతూనే ఉంటాయి. కట్టడం ఆగి కూల్చడం ఆగకపోతే ఏమవుతుందో 1740లలో బ్రిటిష్ నౌకాదళ అధికారి ఆన్సన్ చేసిన నౌకాయాత్ర కథనంలో ఉంది: 1690లో ఐర్లండ్‌లో జరిగిన బాయిన్ యుద్ధంలో తగిలి మానిన గాయాలు, యాభై ఏళ్ల తర్వాత స్కర్వీ పట్టిన ఒక నావికుడి ఒంటి మీద తెరుచుకున్నాయి.

పరిష్కారం

అనుమానం ఉంటే మాత్ర వేయకముందే రక్తం తీయించాలి. ఒక్క డోసుతోనే ప్లాస్మా అంకె మారిపోతుంది. డెసిలీటరుకు 0.2 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపం ఉన్నట్టే. రిపోర్టు కోసం చికిత్సను మాత్రం ఆపకూడదు.

పెద్దలకు డాక్టర్లు సాధారణంగా మొదటి కొన్ని రోజులు 1 గ్రాము, తర్వాత వారం పాటు 500 మిల్లీగ్రాములు, ఆపై నెల నుంచి మూడు నెలలు రోజుకు 100 మిల్లీగ్రాములు ఇస్తారు. నీరసం ఒకటి రెండు రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది, చిగుళ్ల రక్తం ఒకటి రెండు వారాల్లో ఆగుతుంది. పూర్తిగా కోలుకోవడానికి మూడు నెలలు పట్టవచ్చు. ఆ తర్వాత మామూలు తిండి నుంచి రోజుకు 75 నుంచి 90 మిల్లీగ్రాములు అందితే చాలు. పొగ తాగేవాళ్లకు మరో 35 అవసరం. ఎంజైములన్నీ పనిలో ఉన్నాక అదనపు మాత్రలతో కొల్లాజెన్ పెరగదు. ఎక్కువైనది మూత్రంలో పోతుంది. చాలా ఎక్కువ మోతాదులు మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లకు దారి తీయవచ్చు. ఒంట్లో ఇనుము పేరుకుపోయే జబ్బున్నవాళ్లు డాక్టరును అడక్కుండా పెద్ద డోసు జోలికి వెళ్లకూడదు.

సరైన డోసు పడుతున్నా రెండు వారాలకు చిగుళ్ల రక్తం తగ్గకపోతే డోసు పెంచడం పరిష్కారం కాదు. పళ్ల పాచి తీయించి, రక్తకణాల లెక్క మళ్లీ చూడాలి. చిగుళ్లు బాగుపడి గాయం ఒక్కటే మానకపోతే చక్కెర వ్యాధి, ఇన్ఫెక్షన్, రక్తప్రసరణ, ప్రోటీన్ లోపం, వీటి వైపు వెతకాలి.