రైల్లో సైడ్ లోయర్ దొరికితే మనసులో మాట చెప్పుకోండి

పెళ్లయిన రెండేళ్లకు, ఆమదాలవలస నుంచి సికింద్రాబాద్ వెళ్తుంటే మాకు ఆర్‌ఏసీ వచ్చింది. ఇద్దరికీ కలిపి ఒకే సైడ్ లోయర్, ఎదురెదురు సీట్లు. మొదట చిరాకు పడ్డాను కానీ ఆ రాత్రి మాకు అదే మేలు చేసింది.

విశాఖలో ఇంజన్ అటు నుంచి ఇటు మారుస్తారు కదా, జనం ఎక్కి సర్దుకునేదాకా ఏమీ మాట్లాడలేదు. దువ్వాడ దాటాక ఒక పద్ధతి పెట్టుకున్నాం. అనకాపల్లి వచ్చేదాకా ఆయనే మాట్లాడాలి, నేను మధ్యలో అడ్డు రాకూడదు. అక్కడి నుంచి వచ్చే స్టేషన్ దాకా నా వంతు.

ఆయన కాసేపు కిటికీలోంచి చూసి, చెల్లి పెళ్లికి నాకు తెలియకుండా 2 లక్షలు అప్పు చేశానని, నెలకు 6,800 కడుతున్నానని చెప్పారు. "ఎందుకు దాచారు?" అని నోటి దాకా వచ్చింది, ఆపుకున్నాను. అప్పుడే అడిగి ఉంటే ఆయన మళ్లీ నోరు విప్పేవారు కాదు. నా వంతు వచ్చాక, అత్తగారింట్లో నాకంటూ పది రూపాయలు కూడా ఉండట్లేదని చెప్పాను. "నువ్వు అడగలేదు కదా, నీకు అవసరం లేదనుకున్నాను" అన్నారు.

పక్కన పెద్దవాళ్లు, బంధువులు ఉంటే మాత్రం మొదలుపెట్టకండి. రాత్రి పదికి లైట్లు తీసేస్తారు, కాబట్టి ఎనిమిదిలోపే మొదలుపెట్టండి. "నువ్వెప్పుడూ ఇంతే" అనే మాట వచ్చిందంటే ఆపేసి టీ తాగండి.