ట్యాంకర్ నీళ్లకు కలిసి బేరం ఆడదామని అపార్ట్‌మెంట్ వాళ్లకు చెప్పడం ఎలా?

విశాఖలో మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది వైపు ఎండలు ముదిరాక చూడండి. ఒకే వీధిలో పక్కపక్క అపార్ట్‌మెంట్లకు వేర్వేరు ట్యాంకర్లు వస్తాయి, వేర్వేరు రేట్లు పడతాయి. అందరం కలిస్తే తగ్గిస్తారు కదా అని ఎవరో ఒకరు మీటింగ్ పెడతారు. "మనం మొత్తం వంద ఫ్లాట్లం, తగ్గించి తీరాలి" అంటారు. అందరూ తలూపి టీ తాగి వెళ్లిపోతారు. రేటు మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే ట్యాంకరాయనకు మీ ఫ్లాట్ల లెక్కతో పని లేదు. ఖాయంగా ఎన్ని ట్రిప్పులు, బండి మీ గేటు దగ్గర ఎంతసేపు ఆగాలి, డబ్బు ఏ తారీఖున చేతికొస్తుంది, ఆయన లెక్కంతా ఈ మూడింటి మీదే నడుస్తుంది. మీటింగులో మీరు రాబట్టాల్సినవీ ఇవే.

ముందు ఏర్పాట్లు

మీటింగు సంక్రాంతి అయ్యాక, శివరాత్రి లోపు పెట్టాలి. ఏప్రిల్‌లో పెడితే దండగ. అప్పటికి ట్యాంకరాయన ఫోనే ఎత్తడు, ఇక బేరం ఎక్కడ? ఆదివారం పదిన్నరకు, సెల్లార్‌లో, ఇరవై నిమిషాలు చాలు. గోడకు ఒక చార్టు, చేతిలో ఒక మార్కర్ ఉంటే సరిపోతుంది. ప్రొజెక్టర్ వద్దు. తెర మీద కదిలిపోయే లెక్కను ఎవరూ నమ్మరు, కళ్ల ముందు చేత్తో వేసిన కూడికను నమ్ముతారు. ప్రతి అపార్ట్‌మెంట్ నుంచి ప్రెసిడెంటో సెక్రటరీయో ఒకరు, వాళ్లతో పాటు వాచ్‌మన్ రావాలి. ట్యాంకర్ ఎన్ని గంటలకొచ్చింది, ఎన్నొచ్చాయి అన్నది తెలిసినవాడు వాచ్‌మనే. పోయిన వేసవి ట్యాంకర్ల రిజిస్టర్ కూడా తెమ్మనండి. రిజిస్టర్ లేకపోతే మెయింటెనెన్స్ ఖాతాలో ట్యాంకర్ల కింద కట్టిన మొత్తాన్ని అప్పటి రేటుతో భాగిస్తే ఎన్ని ట్యాంకర్లొచ్చాయో తేలుతుంది.

అసలు లీటర్లు ఎన్ని?

మీటింగుకు ముందు వారంలో చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది దాటేసేదీ అదే. ఐదు వేల లీటర్ల బండి అంటే నిజంగా ఐదు వేలు పోస్తోందా అన్నది సంపులో కొలవాలి. సంపు లోపలి పొడవు, వెడల్పు మీటర్లలో కొలిచి గుణించండి. మధ్యలో పిల్లర్ ఉంటే అది ఆక్రమించిన జాగా తీసేయండి. నాలుగు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు అంటే 10 చదరపు మీటర్లు. అలాంటి సంపులో నీళ్లు ఒక్క సెంటీమీటరు పెరిగితే 100 లీటర్లు పడ్డట్టు. ఐదు వేల లీటర్లకు 50 సెంటీమీటర్లు పెరగాలి.

బండి రాగానే పైకి తోడే మోటారు ఆపేయండి, బోరు మోటారు ఆపేయండి, జీవీఎంసీ కుళాయి వాల్వు కట్టేయండి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి మరిచినా కొలత పనికిరాదు, పైగా ట్యాంకరాయనతో అనవసరపు గొడవ. సన్నటి పీవీసీ పైపుకు సుద్దముక్క రుద్ది, మూత దగ్గర ఒకే చోట, నిట్టనిలువుగా అడుగు తగిలేదాకా దించి తీయండి. నీళ్లు తగిలినంత మేర సుద్ద నల్లబడి గీత కనిపిస్తుంది. ఆ గీతను టేపుతో కొలిచి రాసుకోండి. బండి ఖాళీ అయ్యాక, నీళ్ల మీద అలలు తగ్గేదాకా ఐదు నిమిషాలు ఆగి, పైపు తుడిచి మళ్లీ సుద్ద రుద్ది దించండి. రెండు గీతల తేడాయే మీకు పడిన నీళ్లు. సంపు అడుగు వాలుగా ఉంటుంది కాబట్టి బాగా ఖాళీగా ఉన్నప్పుడు కొలవద్దు. అడుగంతా మునిగి ఉండాలి, అదే సమయంలో పైన బండెడు నీళ్లకు చోటూ ఉండాలి. బండి నంబరు కూడా రాయండి, ఏ బండి కొలత దానిదే.

ఇది ఎందుకంత ముఖ్యమో చార్టు మీద చూపించండి. లెక్క కోసం బండి ఏడు వందలనుకుందాం, మీరు మీ వీధి రేటు వేసుకోండి. 43 సెంటీమీటర్లే పెరిగిందంటే పడింది 4,300 లీటర్లు. వెయ్యి లీటర్లకు 140 కడుతున్నామనుకుంటున్నారు, పడుతున్నది దాదాపు 163. ఇప్పుడు ఆయన "మీ కోసం యాభై తగ్గిస్తానండీ" అని ఆరు వందల యాభై చేసి, నాలుగు వేల లీటర్లు పోశాడనుకోండి. వెయ్యికి 162 రూపాయల 50 పైసలు. అంటే తగ్గింది అర్ధరూపాయి కూడా కాదు. అందుకే బేరం ఎప్పుడూ బండికి కాదు, సంపులో కొలిచిన వెయ్యి లీటర్లకు ఆడాలి. బండి రేటు మీద ఆడే బేరాలన్నీ ఇలాగే నీరుగారిపోతాయి.

మాట్లాడేటప్పుడు

నమస్కారం పెట్టి నేరుగా ఈ లెక్కలోకి దిగండి. జీవీఎంసీని తిట్టడంతో మొదలుపెట్టొద్దు. మేఘాద్రిగెడ్డలో నీళ్లెన్ని, రైవాడ నుంచి ఎంతొస్తోంది అన్న చర్చ మొదలైతే ఆ ఇరవై నిమిషాలూ అక్కడే హరించుకుపోతాయి. రేటు ఇంత తగ్గిస్తామని మీరు మాటివ్వొద్దు. "వంద తగ్గిస్తాం" అని నోరు జారితే, ఎనభై తగ్గినా మీరు ఓడిపోయినట్టే లెక్క.

మిగిలేదెంతో దాచకుండా చెప్పండి. మూడు అపార్ట్‌మెంట్లు, వంద ఫ్లాట్లు, నడివేసవిలో రోజుకు 25,000 లీటర్లు అనుకుందాం. వెయ్యికి 163 కాస్తా 140 అయితే రోజుకు 575 రూపాయలు, నెలకు ఫ్లాటుకు నూట డెబ్బై చిల్లర. దీనికోసమే ఎవరూ ఆదివారం పొద్దున్న కిందికి దిగిరారు. బండి పొద్దున్న ఏడులోపు వచ్చి తీరుతుందనీ, కొలత ప్రకారమే డబ్బనీ చెబితే వింటారు. అందుకే రేటును రెండో మాటగానే ఎత్తండి.

మాట తీసుకోవడం: అంతా చెడేది ఇక్కడే

ఈ ఒక్క దగ్గర తొందరపడొద్దు. ట్యాంకరాయన రేటు తగ్గించేది మీరు ఇంత నీళ్లు ఖాయంగా కొంటామంటేనే. ఆ "ఇంత" ఎంత అన్నది తేల్చేటప్పుడు అందరూ ఉత్సాహంలో మే నెల లెక్క చెప్పేస్తారు. మే నెలలో రోజుకు ఐదు బండ్లు దిగితే ఐదుకూ మాటిచ్చేస్తారు. ఆ తర్వాత నాలుగు రోజులు వానలు పడి బోరు పుంజుకుంటే ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు "మాకీ వారం వద్దండీ" అంటారు. ఆ లోటు మిగతా రెండు అపార్ట్‌మెంట్ల నెత్తిన పడుతుంది, ఒప్పందం అక్కడితో సరి.

మాటివ్వాల్సింది అవసరం ఎక్కువున్న నెలకు కాదు, వేసవిలో అన్నిటికంటే తక్కువ కొన్న నెలకు. రిజిస్టర్ తీసి చూడండి. ఉదాహరణకు మొదటి అపార్ట్‌మెంట్‌కు మే నెలలో రోజుకు రెండు బండ్లు, తక్కువ నెలలో ఒకటి. రెండోదానికి మేలో ఒకటి, తక్కువ నెలలో రోజు విడిచి రోజు ఒకటి. మూడోదానికి రెండు, తక్కువలో ఒకటి. తక్కువ లెక్కలు కూడితే రోజుకు రెండున్నర బండ్లు, 12,500 లీటర్లు. దీన్నే నెల లెక్కగా రాయండి: 3,75,000 లీటర్లు. అందులో మొదటిది, మూడోది చెరో లక్షా యాభై వేలు, రెండోది డెబ్బై ఐదు వేలు. నెల లెక్క అయితే ఒక వారం వానొచ్చినా తర్వాతి వారాల్లో సర్దుకోవచ్చు. రోజు లెక్క రాసుకుంటే ఆ వీలుండదు. దీనికి పైన ఎంత కావాలన్నా, రోజుకు 25,000 లీటర్ల దాకా, అదే రేటుకు పోయాలన్నది ఆయన మనకివ్వాల్సిన మాట. ఈ రెండో భాగం వదిలేస్తే మే నెలలో పై బండికి ఆయన అడిగిందే రేటు.

ఈ మాట చేతులెత్తించి తీసుకోవద్దు. వాట్సాప్‌లో పోల్ పెట్టడం ఇంకా దండగ, అక్కడ బొటనవేలు చూపించడానికి ఎవరికీ పైసా ఖర్చు కాదు. చార్టు మీద ఒక్కో అపార్ట్‌మెంట్ పేరు ఎదురుగా నెలకు ఎన్ని లీటర్లో రాసి, సెక్రటరీగారి చేత అక్కడే సంతకం పెట్టించండి. "మా కమిటీలో మాట్లాడి చెబుతామండీ" అంటే సరేనండి, కానీ వారం గడువు పెట్టి, అప్పటిదాకా వాళ్ల లీటర్లు కూడికలో వేయకండి. వచ్చే అవకాశం ఉన్నవాళ్లను కలుపుకుని చెప్పిన లెక్కను ట్యాంకరాయన రెండో నెలలోనే పసిగడతాడు.

డబ్బు మాత్రం ఒకచోట పోగు చేయొద్దు. ఉమ్మడి ఖాతా తెరుద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, ఒప్పుకోకండి. రేటు ఉమ్మడి, బిల్లు ఎవరిది వాళ్లది. పదిహేను రోజులకోసారి కట్టేలా తారీఖులు రాసుకోండి. చెప్పిన తారీఖుకు డబ్బు పడుతుందంటే రేటులో ఇంకొంచెం దిగుతాడు, డీజిలు ఆయన రోజూ చేతి డబ్బుతోనే కొట్టించాలి కదా.

ఎదురయ్యే రెండు ప్రశ్నలు

"మా ట్యాంకరాయన ఎన్నేళ్లుగానో పోస్తున్నాడు, ఇప్పుడు కాదంటే బాగోదు." నిజమే, మొదట ఆయన్నే పిలవండి. తర్వాత ఇంకో ఇద్దరిని అడగండి. మానేస్తామని బెదిరించడం ఎప్పుడూ వద్దు. ఒకే బోరు దగ్గర నింపుకునే వాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే, ఒకరిని బెదిరిస్తే అందరికీ తెలుస్తుంది.

"రేటు తగ్గిస్తే ఉప్పు నీళ్లు పోస్తాడేమో?" ఈ అనుమానం సరైనదే. తగ్గించినదాన్ని రాబట్టుకోవడానికి ఆయనకున్న దారులు కొలత తగ్గించడం, దగ్గర్లోని ఉప్పు బోరుకు మారడం, రద్దీ రోజున రాకపోవడం. కొలతకు సుద్ద పైపు ఉంది. ఉప్పుకు చేతిలో పట్టే టీడీఎస్ మీటరు చాలు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరులో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాముల దాకా ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకోవచ్చు. ఇప్పుడొచ్చే నీళ్లు 700 చూపిస్తుంటే ఒప్పందంలో 800 మించకూడదని రాయండి. సంపులో కలిశాక కాదు, పైపు నోటి దగ్గర గ్లాసు పట్టి చూడాలి. మీటరు ఉప్పునే చూపిస్తుంది, క్రిముల్ని కాదు. కాబట్టి ఆ నీళ్లు తాగడానికి వాడొద్దు. రాని రోజుకు జరిమానా కంటే, ఆ రోజు బయట కొన్న బండికి పడిన అదనపు డబ్బు ఆయన బిల్లులో కోసుకుంటామని రాస్తే పని జరుగుతుంది.

ట్యాంకరాయనతో కూర్చున్నప్పుడు ఆయనకు మిగిలేదేంటో కూడా చెప్పండి. మూడు గేట్లూ ఒకే వీధిలో ఉన్నాయి, బండి రాగానే వాచ్‌మన్ గేటు, సంపు మూత తీసి ఉంచుతాడు, సెల్లార్ దారిలో కార్లుండవు. బండి ఆగే సమయం తగ్గితే ఆయనకు రోజుకు ఇంకో ట్రిప్పు మిగులుతుంది, రేటు తగ్గించడానికి డబ్బు వచ్చేది అందులోంచే. ఒప్పందం మొదటి పదిహేను రోజులకే చేసుకోండి, కొలతలు నిలబడితే జూన్ చివరిదాకా పొడిగించండి. డ్రైవరు ఫోన్ చేయాల్సిన నంబరు అపార్ట్‌మెంట్‌కు ఒక్కటే ఉండాలి, అది సెక్రటరీది కాకుండా వాచ్‌మన్‌ది అయితే మంచిది, పొద్దున్న ఆరుకు ఎత్తేది ఆయనే.