ఎల్‌టీఏ క్లెయిమ్ ఎలా చేయాలి? ముందు ప్రయాణాలు లెక్కపెట్టుకోండి

ఎల్‌టీఏ అంటే సెలవులో చేసే ప్రయాణానికి జీతంలో భాగంగా ఇచ్చే డబ్బు, ప్రయాణం చేసి క్లెయిమ్ పెడితే దాని మీద పన్ను మినహాయింపు దొరుకుతుంది. మాదాపూర్‌లో పేరోల్ పని మొదలుపెట్టినప్పటి నుంచీ ఏటా జనవరిలో ఈ క్లెయిమ్‌ల దగ్గర ఒకే గొడవ చూస్తున్నాను. టికెట్లు అందరూ జాగ్రత్తగానే దాచుకుంటారు. ఏ ప్రయాణం ఏ లెక్కలోకి వస్తుందో మాత్రం ఎవరూ చూసుకోరు.

సులువైనవి ముందు చెప్పేస్తాను. మీరు పాత పన్ను విధానంలో ఉండాలి, కొత్త దాంట్లో ఈ మినహాయింపు లేదు. జీతంలో ఎల్‌టీఏ ఉండాలి. సెలవు పెట్టి, మీరు స్వయంగా, మన దేశంలోనే ప్రయాణించి ఉండాలి. భార్య లేదా భర్త, పిల్లలు, మీ మీద ఆధారపడిన అమ్మానాన్నలు, తోబుట్టువుల టికెట్లు కూడా కలుపుకోవచ్చు. ఈ-టికెట్లు, బోర్డింగ్ పాసులు, ఆమోదించిన సెలవు కాపీ ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ట్రావెల్ ఏజెంటు రాసిచ్చే ప్యాకేజీ బిల్లు నేను ముట్టుకోను. అందులో టికెట్ ఎంతో, హోటల్ ఎంతో విడిగా ఉండదు. మినహాయింపేమో టికెట్‌కే. టికెట్లు మీరే కొనుక్కోండి.

తర్వాత ఛార్జీ. నిజంగా పెట్టిన ఛార్జీ, మీకు వచ్చిన ఎల్‌టీఏ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకే పన్ను ఉండదు. విమానానికి ఎకానమీ ఛార్జీ, రైలుకి ఫస్ట్ ఏసీ ఛార్జీ పరిమితి, అదీ దగ్గరి దారి లెక్కన. నాలుగు ఊళ్లు తిరిగొస్తే, వాటిలో అన్నిటికంటే దూరపు ఊరికి దగ్గరి దారిలో ఎంతవుతుందో అంతే.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. నాలుగేళ్ల బ్లాకులో రెండు ప్రయాణాలకే మినహాయింపు. ఇప్పటిదాకా నడిచిన బ్లాకు 2022–25, తర్వాతది 2026–29. ఇవి క్యాలెండర్ సంవత్సరాలు, జనవరి నుంచి డిసెంబర్ వరకు. ఆఫీసు లెక్కలన్నీ ఏప్రిల్ నుంచి మార్చికి నడుస్తాయి కాబట్టి అందరూ ఇక్కడే పప్పులో కాలేస్తారు. 2025 డిసెంబర్, 2026 జనవరి రెండూ ఒకే ఆర్థిక సంవత్సరం, కానీ బ్లాకులు వేరు.

పాత బ్లాకులో వాడుకోని ప్రయాణం ఉంటే ఒక్కటి, ఒక్కటే, తర్వాతి బ్లాకు మొదటి సంవత్సరంలోకి వస్తుంది. రెండూ వాడుకోకపోతే రెండోది డిసెంబర్ 31తో పోయినట్టే. ఆ వచ్చిన ఒక్కటీ 2026లోనే వాడుకోవాలి, 2027కి అదీ ఉండదు. అయితే అది కొత్త బ్లాకులోని రెండింటిలో లెక్కకు రాదు, వాటికి అదనం.

మా బావ సంగతే చూడండి. కూకట్‌పల్లిలో ఉంటారు, ఏడాదికి ఎల్‌టీఏ 40,000. 2023లో నలుగురూ ఆర్టీసీ బస్సులో తిరుపతి వెళ్లొచ్చి 7,200కు క్లెయిమ్ పెట్టారు. మిగతా 32,800 మీద పన్ను పడింది, ఒక ప్రయాణం కూడా ఖర్చయింది. నన్నడిగితే పెట్టొద్దనేదాన్ని. చిన్న టికెట్లకు క్లెయిమ్ పెట్టకూడదు, నా దగ్గర అదే రూలు. రెండే ఉన్నప్పుడు పెద్ద ఛార్జీ ఉన్నవే పెట్టాలి.

ఆ తర్వాత 2025 డిసెంబర్‌లో వైజాగ్ వెళదామనుకుని, అక్కకు సెలవు దొరక్క 2026 సంక్రాంతికి మార్చారు. విమానం టికెట్లు రానూపోనూ 36,000. అరకు కారుకి 6,500, హోటల్‌కి 9,000. క్లెయిమ్ 36,000 మాత్రమే, మిగతా 4,000కి పన్ను కట్టాలి. కారు బిల్లు కూడా జతచేస్తానంటే వద్దన్నాను.

క్లెయిమ్ పెట్టే ఆఫీసు పోర్టల్‌లో బ్లాకు ఎంచుకునే చోట బావ 2026–29 కొట్టబోయారు. తేదీ జనవరి కదా, అందరూ అదే కొడతారు. కానీ పాత బ్లాకులో ఇంకా ఒకటి మిగిలే ఉంది. కాబట్టి దాన్ని 2022–25 నుంచి క్యారీ ఫార్వర్డ్ అని చూపాలి. చూపకపోతే కొత్త బ్లాకులో ఒకటి వాడినట్టు పడుతుంది, పాతది 2026 చివర్న మురిగిపోతుంది. రెండేళ్ల తర్వాత ఇంకో క్లెయిమ్ పెట్టి, ఆ తర్వాత మూడో క్లెయిమ్‌ను తిరస్కరించినప్పుడు గానీ తెలియదు. కొన్ని పోర్టళ్లలో ఆ గడే కనిపించదు. అలాంటప్పుడు పేరోల్ వాళ్లకు మెయిల్ పెట్టి, ఏ బ్లాకు కింద రాశారో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఉద్యోగం మారితే కొత్త కంపెనీకి కూడా ఆ మెయిలే చూపించండి, పాత చోట ఎన్ని వాడారో వాళ్లకు తెలియదు.

డిసెంబర్ 29న బయలుదేరి జనవరి 3న తిరిగొచ్చే టూర్లు మాత్రం నా దగ్గరికి తేవద్దు. పోయి రావడం ఒకే సంవత్సరంలో ముగించుకోండి. బావ మెయిల్‌కి జవాబు నాలుగో రోజు వచ్చింది, ప్రింట్ తీసి టికెట్ల ఫోల్డర్‌లోనే పెట్టించాను.