ఆఫీస్ చాట్‌లో పలకరింపు, పని ఒకే మెసేజ్‌లో పెట్టండి

వేరే టీమ్‌లో మనకన్నా సీనియర్, తెలుగువాళ్లే, ఎప్పుడూ మాట్లాడలేదు, ఇప్పుడు పని పడింది. ఇలాంటప్పుడు చాలామంది ఉత్త "హాయ్" అని కొట్టి రిప్లై కోసం కూర్చుంటారు. అవతలివాళ్లకి నోటిఫికేషన్‌లో ఆ ఒక్క ముక్కే కనిపిస్తుంది, ఏం మునిగిందో అని కంగారైనా పడతారు, లేదా తర్వాత చూద్దాంలే అని వదిలేస్తారు.

దానికి బదులు ఇలా రాయండి: "హాయ్ లక్ష్మి గారూ, నేను బిల్లింగ్ టీమ్ నుంచి కిరణ్‌ని. నిన్నటి రిపోర్ట్‌లో ఒక డౌట్ ఉందండి, లంచ్ తర్వాత ఐదు నిమిషాలు కుదురుతుందా?" పేరు పక్కన గారూ ఉంది కాబట్టి మర్యాద వచ్చేసింది, హాయ్ ఉంది కాబట్టి మరీ బిగుసుకుపోయినట్టు లేదు. అండి ఒక్కసారి చాలు, ప్రతి వాక్యానికీ తగిలిస్తే ఏదో బతిమాలుతున్నట్టు ఉంటుంది.

బ్రో, అన్నా, అక్కా మాత్రం మొదటి మెసేజ్‌లో వద్దు. అక్కా అంటే కొందరికి ఆప్యాయంగానే ఉంటుంది, కానీ తన వయసు ఎత్తిచూపినట్టు అనిపించేవాళ్లూ ఉంటారు, మనకి ముందే తెలీదు కదా. వాళ్ల రిప్లై చూడండి, "గారు ఎందుకు, పేరు పెట్టి పిలవండి" అంటే అప్పుడు మానేయొచ్చు. వాళ్లు మనల్ని నువ్వు అన్నారని మనం కూడా వెంటనే నువ్వులోకి దిగక్కర్లేదు, మీరులోనే ఉండొచ్చు. అదే రోజు మళ్లీ ఏదైనా అడగాలంటే ఇంకోసారి హాయ్ అక్కర్లేదు, "లక్ష్మి గారూ, ఇంకొక్కటి" అంటే చాలు.