ఒకే ఆఫీసులో ఏకపక్ష ప్రేమ: బయటపడటం ఎలా?

కర్నూలు నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటున్న ఒక కుర్రాడు ఉన్నాడనుకుందాం. టీమ్‌లోని తెలుగమ్మాయి అంటే అతనికి ప్రాణం. ఆమె నాలుగు రోజులు పట్టించుకోదు, ఐదో రోజు "టీకి వస్తావా?" అంటుంది. ఆ ఒక్క టీ మీద ఇతను వారం గడిపేస్తాడు.

ఇలాంటి ప్రేమ ఏళ్లు సాగడానికి ఆ టీయే ఒక పెద్ద కారణం. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలపై చేసిన ప్రయోగాల్లో, బిళ్లను ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ దొరికిన పావురం గింజలు ఆగిపోగానే త్వరగా మానేసేది. ఎప్పుడో ఒకసారి దొరికిన పావురం మాత్రం చాలాసేపు పొడుస్తూనే ఉండేది. అందుకే ఆమెను మర్చిపోవాలని కూర్చోకండి. గింజలు ఆగేలా చూసుకోండి.

ముందు, ఒక్కసారి సూటిగా అడగండి: "నువ్వంటే ఇష్టం. నీకు లేకపోతే చెప్పెయ్, మళ్లీ అడగను." "ఇప్పుడవన్నీ ఆలోచించట్లేదు" అన్నా అది కాదనే లెక్క. మన సినిమా హీరోలా వెంటపడితే, పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం కింద ఆఫీసులోని అంతర్గత కమిటీకి ఆమె ఫిర్యాదు చేయొచ్చు. మీరు ఆమె మేనేజర్ అయితే అసలు అడగొద్దు.

తర్వాత, పని మాటలు పనికే ఉంచండి. వాట్సాప్ చాట్‌ను ఆర్కైవ్‌లో పెట్టి, స్టేటస్ మ్యూట్ చేయండి. "కొన్నాళ్లు టీకి రాను" అని చెప్పేస్తే చాలు, సంజాయిషీ అక్కర్లేదు. చాలామంది మర్చిపోయే కంత ఒకటుంది: ఉమ్మడి ఫ్రెండ్‌ని "తను ఎలా ఉంది?" అని అడగడం. దాన్నీ మూయండి. మొదట్లో ఫోన్ చూడాలనే తహతహ తగ్గకపోగా పెరగొచ్చు. అది పద్ధతి పనిచేయట్లేదని కాదు, మనసు చివరిగా గట్టిగా పొడుస్తోందంతే. అప్పుడు ఒక్కసారి లొంగి మెసేజ్ పెడితే, దానికి జవాబు వస్తే, కథ మళ్లీ మొదటికి.

ఇక తలపులు. ప్రేమ విఫలమైనవారిపై 2018లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, ఆ మనిషిలో నచ్చనివి తలచుకున్నప్పుడు ప్రేమ కొంత తగ్గింది కానీ మూడ్ పాడైంది. మనసు వేరే విషయంపైకి మళ్లిస్తే మూడ్ బాగుపడింది, ప్రేమ మాత్రం తగ్గలేదు. అది విడిపోయిన జంటల సంగతే అయినా, నాకు రెండూ పనికొచ్చేవిగానే కనిపిస్తాయి. పగలు తీరిగ్గా ఉన్నప్పుడు "నేను చెప్పినవేవీ తనకు గుర్తుండవు" లాంటివి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం మీకే, ఎవరికీ చూపించడానికి కాదు. రాత్రి పడుకునే ముందు మాత్రం దాని జోలికి వెళ్లకుండా, ఇంటికి ఫోన్ చేయడమో వంట చేయడమో మేలు.

ఎంత తగ్గిందో తెలుసుకోవాలంటే, ఎన్నిసార్లు గుర్తొచ్చిందని చూడొద్దు. ఆమె మెసేజ్ కోసం ఎదురుచూస్తున్నారా లేదా అని చూడండి.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే, లేదా చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆగకుండా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ లైన్, ఉచితం. తెలుగులోనూ మాట్లాడతారు.